దోస్త్ ఉద్యోగం పోయింది, ధైర్యం చెబుదామని మెసేజ్ మొదలుపెట్టి నాలుగుసార్లు చెరిపేశా

మియాపూర్_మహేశ్
ఇంజనీరింగ్ నుంచి నా రూమ్మేట్. ఇప్పుడు హైదరాబాద్‌లోనే ఒక మధ్యరకం సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ చేస్తాడు, అక్కడ 6 సంవత్సరాల 8 నెలలు. ఇవాళ మీటింగ్‌కి పిలిచి ప్రాజెక్టు పోయింది, శుక్రవారం ఆఖరి రోజు అన్నారట. పైగా "మీరే రాజీనామా పెట్టేయండి, రికార్డు క్లీన్‌గా ఉంటుంది, రేపు సాయంత్రంలోగా పెట్టండి" అని హెచ్ఆర్ అమ్మాయి చెప్పింది. ఇంట్లో భార్యకి చెప్పాడు, నాన్నకి చెప్పలేదు. హోమ్ లోన్ ఉంది, పాప ఒకటో క్లాసు, నాన్నకి షుగర్.

"అంతా మంచికే", "దీనికంటే మంచిది వస్తుంది" లాంటివి రాస్తుంటే నాకే ఒళ్లు మండింది, ఏం వస్తుందో నాకేం తెలుసు. వాడు ఈ వేదిక చూస్తుంటాడు, అందుకే పేరు పెట్టడం లేదు. అసలు ఏం రాయాలి, ఏం చేయాలి?

బెజవాడ_బాబాయ్
ఏమీ రాయకు. బండి తీసి వాళ్లింటికి వెళ్లు. మెసేజ్‌లో ఓదార్పు చదువుకుంటే ఇంకా ఏడుపొస్తుంది.

డల్లాస్_దత్తు
ముందు చూసుకోవాల్సింది హెచ్-1బీ వీసా 60 రోజుల గడువు బ్రో. ఆఖరి పని రోజు నుంచి లెక్క, ఐ-94 తేదీ అంతకంటే ముందుంటే అదే గడువు. ఆలోగా కొత్త కంపెనీ పిటిషన్ వేయాలి, లేదంటే బి-2కి మార్చమని అప్లై చేసుకోవాలి. లాయర్‌తో మాట్లాడమను, ఆలస్యం చేయొద్దను.

పాతబాకీ
దత్తూ, మియాపూర్‌కి వీసా ఎందుకయ్యా, మెట్రో ఉంది కదా.

డల్లాస్_దత్తు
😂 "శుక్రవారం ఆఖరి రోజు" దాకా చదివి ఆగిపోయా. మా ఆఫీసులో కూడా అదే శుక్రవారం నడుస్తోంది, ఆ టెన్షన్‌లో రాసేశా. వదిలేయండి.

మాజీ_హెచ్ఆర్
పదకొండేళ్లు ఆ హెచ్ఆర్ కుర్చీలోనే కూర్చున్నాను, ఇప్పుడు మానేశాను కాబట్టి సూటిగా చెప్తాను. మహేశ్, ధైర్యం సంగతి తర్వాత. రేపు సాయంత్రంలోగా అన్నారు కదా, ఆ కాగితం మీద సంతకం పెట్టకుండా ఆపండి. రాజీనామా పెట్టకూడదని కాదు, రేపే పెట్టకూడదు అంటున్నాను.

"వ్యక్తిగత కారణాల వల్ల రాజీనామా చేస్తున్నాను" అని రాసిచ్చాక నోటీసు జీతం ఎంత, ఇంకేమిస్తారు అని అడిగే బలం సగం పోతుంది, ఎందుకంటే కాగితం ప్రకారం వెళ్లిపోయింది ఆయనే. కంపెనీకి కావాల్సిందీ అదే. హెచ్ఆర్ అమ్మాయి చెడ్డదని కాదు, ఆమెకు పైనుంచి లిస్టు వచ్చింది, ఇన్ని రాజీనామాలు తీసుకురమ్మన్నారు, అంతే.

ఆయన పంపాల్సిన మెయిల్ మూడు లైన్లు. "నన్ను రాజీనామా చేయమని ఫలానా రోజు మీటింగ్‌లో చెప్పారు. ఆలోచించుకోవడానికి సోమవారం దాకా సమయం ఇవ్వండి. ఆఖరి పని దినం, నోటీసు జీతం, సెలవుల డబ్బు, గ్రాట్యుటీ, ఆరోగ్య బీమా ఏ రోజు వరకు ఉంటుంది, ఇవన్నీ ఉన్న సెటిల్‌మెంట్ లెటర్ ముసాయిదా పంపండి." కోపం వద్దు, బెదిరింపు వద్దు. మెయిల్ ఆఫీసు ఐడీ నుంచే పంపాలి, సొంత మెయిల్‌కి కాపీ పెట్టుకోవాలి. సోమవారం ఇవ్వమని అడిగినందుకు ఉద్యోగం ఇంకోసారి తీసేయలేరు కదా.

టెస్టర్_తులసి
చివరి లైన్‌కి నవ్వొచ్చింది కానీ నిజం. మా టీంలో ఒకతను అలాగే అడిగితే రెండు రోజులు ఇచ్చారు, ఏం కాలేదు.

సింగరేణి_శీను
నేను ఒప్పుకోను. రాజీనామా చేయనంటే టెర్మినేషన్ లెటర్ చేతిలో పెడతారు, అందులో "పర్ఫార్మెన్స్" అని రాస్తే కొత్త కంపెనీ వెరిఫికేషన్‌లో దొరికిపోతాడు. మా తమ్ముడికి అదే జరిగింది, ఆఫర్ వచ్చి వెనక్కి పోయింది. చట్టం, హక్కు అని మనం ఇక్కడ కూర్చుని చెప్తాం, తిరగాల్సింది వాడు.

మాజీ_హెచ్ఆర్
శీనూ, ఆ భయం కరెక్టే, అందుకే కాగితంలో మాట ముఖ్యం. "ప్రాజెక్టు మూసివేత వల్ల", "సిబ్బంది తగ్గింపు వల్ల" అని రాయించుకుంటే వెరిఫికేషన్‌లో ఎవరూ తప్పు పట్టరు, ఇప్పుడు సగం రెజ్యూమేల్లో ఆ మాట ఉంది. పర్ఫార్మెన్స్ అని రాస్తామని బెదిరిస్తే గత రెండేళ్ల రేటింగ్ మెయిల్స్ దగ్గరుండాలి. ఇంతా చేసి చివరికి రాజీనామానే మేలనిపిస్తే పెట్టనివ్వండి. అయితే "కంపెనీ కోరిన మీదట" అన్న మాట అందులో ఉండాలి, డబ్బు ఎంతో లెటర్‌లో వచ్చాకే పెట్టాలి.

ఇంకోటి. చాలామంది హోమ్ లోన్ తీసుకునేటప్పుడు బ్యాంకువాళ్లు అంటగట్టిన బీమా ఒకటి ఉంటుంది, అందులో ఉద్యోగం పోతే కొన్ని ఈఎంఐలు కట్టే క్లాజ్ ఉండొచ్చు, మామూలుగా మూడు. స్వచ్ఛందంగా రాజీనామా చేస్తే అది రాదు. సంతకానికి ముందే ఆ పాలసీ కాగితం తీసి చూడమనండి.

నిద్రరాని_సిరి
మా ఆయనకి పోయినేడు పోయింది. ఆ బీమా మాకూ ఉంది, ఉన్నట్టు మాకే తెలీదు. లోన్ ఫైల్లో అడుగున ఎక్కడో ఉంది. రాజీనామా పెట్టాక తెలిసింది, ఇక ఏముంది.

మియాపూర్_మహేశ్
అమ్మో. వాడికి ఫోన్ చేస్తున్నా ఇప్పుడే.

కోనసీమ_కొబ్బరి
ఉద్యోగం పురుష లక్షణం అన్నారు పెద్దలు. మగాడికి ఇలాంటప్పుడే గుండె దిటవు కావాలి. ధైర్యే సాహసే లక్ష్మి.

నిద్రరాని_సిరి
కొబ్బరి గారూ, ఆ మాట అన్న పెద్దలే మా ఇంటికొచ్చి సోఫాలో కూర్చుని "ఇంకా ఏమీ రాలేదా బాబూ" అని వారానికోసారి అడిగేవారు. ఆ సామెత మా ఇంట్లో నిషేధం.

పాతబాకీ
పైగా ఇప్పుడు వాళ్లావిడ జీతమే ఇంటికి ఆధారం అయితే లక్షణం ఎవరిదవుతుంది సార్.

కోనసీమ_కొబ్బరి
సరే సరే, మంచి మాట చెబుదామని అన్నా. డబ్బు విషయానికొస్తే పీఎఫ్ ఉంటుందిగా, రెండు నెలలాగి మొత్తం తీసేసుకుని లోన్‌కి కట్టేస్తే సగం బరువు దిగుతుంది. గ్రాట్యుటీ కూడా కొత్త చట్టంలో ఏడాదికే ఇస్తున్నారు కాబట్టి ఇబ్బందేం లేదు.

లెక్కల_లక్ష్మణ్
రెండూ సగం సగం కరెక్టు. రోజూ ఈ పీఎఫ్ ఫారాలతోనే నా బతుకు కాబట్టి చెప్తున్నా.

రెండు నెలలకి మొత్తం అనేది పాత పద్ధతి. 2025 అక్టోబరులో ఈపీఎఫ్ఓ బోర్డు నిర్ణయం మారింది. ఉద్యోగం పోతే 75 శాతం వెంటనే తీసుకోవచ్చు, మిగతా 25 శాతం కూడా కావాలంటే 12 నెలలు ఖాళీగా ఉండాలి. అప్లై చేసేరోజు పోర్టల్ ఏం చూపిస్తే అదే లెక్క, ఇక్కడ చదివి నమ్మొద్దు.

కానీ తీయొచ్చు కాబట్టి తీసేయడం తెలివి కాదు. జమ ఆగినా వడ్డీ ఆగదు, 2024-25కి 8.25 శాతం ఇచ్చారు. ఆ డబ్బు తీసి లోన్‌లో కొంత అసలు కడితే ఈఎంఐ ఏమీ ఆగదు, వచ్చే నెల మళ్లీ అంతే కట్టాలి, చేతిలో డబ్బు మాత్రం ఉండదు. ఖాళీగా ఉన్నవాడికి కావాల్సింది అప్పు తగ్గడం కాదు, నెలనెలా చేతికి డబ్బు అందడం.

పెన్షన్ వాటా అసలే ముట్టుకోకూడదు. 10 ఏళ్ల సర్వీసు ఉంటేనే 58 తర్వాత నెలనెలా పెన్షన్. మహేశ్, మీ వాడికి ఇంతకుముందు ఉద్యోగం ఏమైనా ఉందా, ఆ పీఎఫ్ ఇందులోకి మార్చుకున్నాడా?

గ్రాట్యుటీ ఏడాదికే అనేది 2025 నవంబరు 21 నుంచి అమల్లోకొచ్చిన కార్మిక కోడ్‌లో ఉన్నమాట నిజమే, కానీ అది నిర్ణీత కాలానికి తీసుకున్న కాంట్రాక్టు వాళ్లకి. పర్మనెంట్ వాళ్లకి ఇప్పటికీ 5 ఏళ్లే. మీ వాడికి ఎలాగూ దాటింది కాబట్టి వస్తుంది.

మియాపూర్_మహేశ్
ఇంతకుముందు రెండేళ్లు వేరేచోట చేశాడు, పీఎఫ్ నంబరు యూఏఎన్ ఒకటే, బదిలీ కూడా అయింది. అంటే పెన్షన్ సర్వీసు తొమ్మిదికి దగ్గర.

వాడితో మాట్లాడా. మెయిల్ పంపాడు. నేను ఫోన్లో చదివి వినిపిస్తుంటే టైప్ చేశాడు, మధ్యలో ఒకసారి ఆగి "వీళ్లని ఇలా అడగొచ్చా రా" అన్నాడు. ఆరున్నరేళ్లు పనిచేసినవాడు సోమవారం దాకా టైం అడగడానికి భయపడుతున్నాడు, ఏం చెప్పను.

బెజవాడ_బాబాయ్
వెళ్లావా లేదా వాళ్లింటికి?

మియాపూర్_మహేశ్
రేపు వెళ్తున్నా బాబాయ్.

లెక్కల_లక్ష్మణ్
వెళ్లేటప్పుడు తెల్లకాగితం పట్టుకెళ్లు. ఇంటి ఖర్చు, చేతికొచ్చే డబ్బు రాయించు, వాళ్లావిడ కూడా కూర్చోవాలి. "ఎలా గడుస్తుంది" అని రాత్రిళ్లు తిరిగే ఆలోచన కాగితం మీద నెలల లెక్కలోకి వస్తే కాస్త నిద్ర పడుతుంది. లెక్క తక్కువొచ్చినా ఎంత తక్కువో తెలుస్తుంది.

టెస్టర్_తులసి
శుక్రవారం సాయంత్రం లాగిన్ పోతుంది, అంతలో పే స్లిప్పులు, ఫారం 16లు, బీమా కార్డు, అప్రైజల్ లెటర్లు దింపుకోమనండి. అందరివీ ఆఫీసు మెయిల్లోనే పడుంటాయి. కానీ కంపెనీ కోడ్, క్లయింట్ ఫైళ్లు ఒక్కటి కూడా సొంత మెయిల్‌కి పంపొద్దు, చివరి వారం అంతా చూస్తుంటారు, దాని మీదే సెటిల్‌మెంట్ ఆపేస్తారు. యూఏఎన్‌కి, ఆధార్‌కి ఉన్న నంబరు కంపెనీ సిమ్ అయితే ఈలోపే మార్చుకోవాలి, లేకపోతే ఓటీపీ ఎవరికో వెళ్తుంది.

రాజోలు_రవి
కొత్తలో అందరూ ఫోన్ చేస్తారు, మూడో నెలకి ఎవరూ చేయరు. నాకు అనుభవం. ప్రెస్సులో పనిచేసేవాణ్ణి, మెషీన్లు అమ్మేశారు. మీరు చెప్పే గ్రాట్యుటీలు, లెటర్లు మాకు లేవు, నోటిమాటతో పొమ్మన్నారు. అప్పుడు మా బావమరిది రోజూ సాయంత్రం ఆరింటికి వచ్చి షటిల్ ఆడదాం రా అనేవాడు, ఉద్యోగం మాటే ఎత్తేవాడు కాదు. నేను వెళ్లనని కసిరినా మర్నాడు మళ్లీ వచ్చేవాడు. మహేశ్ తమ్ముడూ, చేయగలిగితే అది చేయి.

సింగరేణి_శీను
రవి అన్నా, ఇప్పుడేం చేస్తున్నారు?

రాజోలు_రవి
ఫ్లెక్సీలు. ఆ పాత మెషీన్లని చంపిన పనే 😀 జీతం అప్పటంత లేదు, ఇల్లు గడుస్తోంది.

మియాపూర్_మహేశ్
అప్‌డేట్. నిన్న రాత్రి వాళ్లింట్లో కూర్చున్నాం. లక్ష్మణ్ గారు చెప్పినట్టు కాగితం మీద రాశాం, వాడి అనుమతితోనే ఇక్కడ పెడుతున్నా, లెక్క సరిచూడండి.

ఖర్చు నెలకి: ఈఎంఐ 34 వేలు, ఇల్లు, కరెంటు, పెట్రోలు, నాన్న మందులు అన్నీ కలిపి 44 వేలు. మొత్తం 78. వాళ్లావిడ స్కూల్లో చెప్తుంది, 18 వేలు వస్తాయి. అంటే నెలకి 60 వేలు లోటు.

చేతిలో: ఎఫ్‌డీ 2 లక్షల 10 వేలు. నోటీసు జీతం 2 నెలలు ఇస్తామని నోటితో అన్నారు, చేతికొచ్చేది నెలకి 88 వేలు కాబట్టి 1 లక్ష 76 వేలు. రెండూ కలిపి 3 లక్షల 86 వేలు, అంటే 6 నెలలకి కొంచెం పైన. గ్రాట్యుటీ ఎంతొస్తుందో తెలీక వదిలేశాం. పీఎఫ్ ముట్టుకోలేదు.

6 అని వచ్చాక వాళ్లావిడ "నేను రెండే అనుకున్నా" అంది.

లెక్కల_లక్ష్మణ్
బేసిక్ ఎంత?

మియాపూర్_మహేశ్
38 వేలు. మొత్తం జీతం 95.

లెక్కల_లక్ష్మణ్
ఆఖరి బేసిక్‌ని 26తో భాగించి 15తో గుణించాలి, దాన్ని ఏళ్లతో గుణించాలి. ఆరు నెలలు దాటిన ముక్క పూర్తి ఏడాది అవుతుంది కాబట్టి మీ వాడికి 6 కాదు, 7. పాత కంపెనీ రెండేళ్లు ఇందులో కలవవు. 38,000 బేసిక్ మీద దాదాపు 1 లక్ష 53 వేలు వస్తుంది. పని పోయాక 30 రోజుల్లో ఇవ్వాలి. అది కలిపితే మీ 6 నెలలు 9కి దగ్గరవుతాయి. కానీ ఖాతాలో పడేదాకా 6 అనే అనుకోండి.

ఇక్కడే ఒక తిరకాసు ఉంది. కొత్త కోడ్‌లో అలవెన్సులన్నీ కలిపి మొత్తంలో సగం దాటితే, దాటిన భాగం కూడా వేతనంలోకే వస్తుంది. మీ వాడికి 95లో బేసిక్ 38 అంటే 40 శాతమే. ఆ లెక్కన 47,500 మీద గ్రాట్యుటీ కట్టాలి, దాదాపు 1 లక్ష 92 వేలు అవుతుంది. కంపెనీ ఒప్పుకుంటుందో లేదో, అడిగి చూడాలి.

మాజీ_హెచ్ఆర్
ఒప్పుకోరు లక్ష్మణ్ గారూ, కనీసం మొదటిసారి. పాత సర్వీసుకి పాత లెక్క అంటారు, పాలసీ ఇంకా మార్చలేదంటారు. ఈ 39 వేల కోసం మొదటి రోజే గొడవపడితే రిలీవింగ్ లెటర్ ఆలస్యమవుతుంది. ముందు 1.53 రాయించుకుని, తేడా గురించి తర్వాత మెయిల్ పెట్టమనండి.

లెక్కల_లక్ష్మణ్
అలా అయితే తర్వాత "ఫుల్ అండ్ ఫైనల్‌గా పుచ్చుకున్నాను, ఇక ఏ బాకీ లేదు" అని సంతకం తీసుకుంటారుగా. అది పెట్టాక ఏం అడుగుతారు?

మాజీ_హెచ్ఆర్
చట్టం ప్రకారం రావాల్సిన గ్రాట్యుటీ ఆ సంతకంతో పోదు. కానీ రాబట్టుకోవడానికి కార్మిక శాఖ అధికారి దగ్గరికి తిరగాలి, తిరిగే ఓపిక ఆయనకి ఉండాలి. ఇందులో మీరూ నేనూ ఏకీభవించం, ఆయన్నే నిర్ణయించుకోనిద్దాం.

మిగతా జీతం బకాయి కూడా కొత్త కోడ్ ప్రకారం 2 పనిదినాల్లో ఇచ్చేయాలి. ఇంకా చాలాచోట్ల 45 రోజులని పాతపాటే పాడుతున్నారు. కాబట్టి మొదటి ఈఎంఐ ఎఫ్‌డీలోంచే వెళ్తుందని అనుకుని ఆ ఖాతాలో డబ్బు ఉంచండి.

సింగరేణి_శీను
ఎఫ్‌డీ విరగ్గొట్టడం ఎందుకు, రెండు క్రెడిట్ కార్డులుంటే ఈలోపు తిప్పొచ్చుగా. మినిమమ్ కడుతూ ఉంటే సరిపోతుంది.

నిద్రరాని_సిరి
అయ్యా శీను గారూ వద్దు! మినిమమ్ కడితే మిగిలినదాని మీద ఏడాదికి 36, 42 శాతం పడుతుంది, కొత్తగా కొన్నదానికి కూడా మొదటి రోజు నుంచే వడ్డీ. మా ఆయన తమ్ముడు ఇంకో అడుగు ముందుకేసి లోన్ యాప్‌లో 15 వేలు తీసుకున్నాడు, వాళ్లు ఫోన్లోని నంబర్లన్నింటికీ ఫోన్ చేశారు, మా పాప స్కూల్ టీచర్‌తో సహా. ఏడు శాతం వచ్చే ఎఫ్‌డీ కాపాడుకోవడానికి నలభై శాతం కట్టడమేంటి.

పాతబాకీ
నా హ్యాండిల్ చూడండి. ఇంకేం చెప్పను.

సింగరేణి_శీను
సరే తప్పుకున్నా. మరి ఈఎంఐ కట్టలేని నెల వస్తే?

లెక్కల_లక్ష్మణ్
కట్టలేని నెల వచ్చాక కాదు, వస్తుందని తెలిసిన నెలే బ్రాంచికి వెళ్లాలి, టెర్మినేషన్ లెటర్ పట్టుకుని. ఒక్క ఈఎంఐ తప్పినా క్రెడిట్ రిపోర్టులో పడుతుంది, బౌన్స్ చార్జీ బ్యాంకు ఒకటి, లోన్ ఇచ్చినవాళ్లు ఒకటి వేస్తారు. బాకీ 90 రోజులు దాటితే ఖాతా ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ, అప్పుడు మాట్లాడే మనుషులు, పద్ధతి కూడా మారిపోతాయి. ముందే వెళ్తే కాలం పెంచి ఈఎంఐ తగ్గించమని అడగొచ్చు. ఇస్తారని హామీ లేదు, కానీ తప్పకముందు అడిగినవాడి మాటకున్న విలువ తప్పాక ఉండదు. ఈ లెక్కన మీ వాడికి నాలుగో నెలలో వెళ్లాలి, ఆరో నెలలో కాదు.

టెస్టర్_తులసి
నాన్నగారి బీమా సంగతి ఎవరూ మాట్లాడలేదు. కంపెనీ పాలసీలో ఉన్నారా?

మియాపూర్_మహేశ్
ఉన్నారు. 64 ఏళ్లు, షుగర్ పదేళ్లుగా. బయట పాలసీ ఏమీ లేదు.

టెస్టర్_తులసి
అది చాలాచోట్ల ఆఖరి పనిదినంతోనే ఆగిపోతుంది. హెచ్ఆర్‌ని కాదు, పాలసీ ఇచ్చిన బీమా కంపెనీనే ఈరోజే అడగండి, గ్రూపు నుంచి వాళ్లదే సొంత పాలసీకి మార్చమని. అలా మారితే ఇప్పటిదాకా గడిచిన వెయిటింగ్ పీరియడ్ లెక్కలోకి వస్తుంది. వదిలేసి రెండు నెలలయ్యాక కొత్తది కొంటే షుగర్‌కి మళ్లీ మొదటినుంచి ఆగాలి, మూడేళ్ల దాకా పెట్టొచ్చు. ప్రీమియం మాత్రం గుండె గుభేల్‌మంటుంది, ముందే చెప్తున్నా. పరీక్షలు చేయమంటారు, ఎక్కువ కట్టమంటారు. అయినా శుక్రవారం లోపు దరఖాస్తు వేయడం ముఖ్యం.

నిద్రరాని_సిరి
నాన్నగారికి చెప్పకుండా పరీక్షలు ఎలా చేయిస్తారు మరి?

కోనసీమ_కొబ్బరి
చెప్పకపోవడమే మంచిది. షుగర్ పేషెంట్‌కి ఈ వయసులో టెన్షన్ ఎందుకు. పాలసీ మారుస్తున్నాం అంటే సరిపోతుంది.

రాజోలు_రవి
రోజూ పొద్దున్నే టిఫిన్ బాక్స్ పట్టుకుని ఎక్కడికెళ్తాడు కొబ్బరి గారూ? నేను అలా నెల తిరిగా, బస్టాండులో కూర్చునేవాణ్ణి. మా అమ్మకి మొదటి వారమే తెలిసిపోయిందట, నాకు చెప్పలేదంతే.

కోనసీమ_కొబ్బరి
ఇప్పుడు సగం మంది ఇంటి నుంచే పని కదా, లాప్‌టాప్ తెరిచి కూర్చుంటే ఎవరికి తెలుస్తుంది. నా మాట మీద నేనున్నా. ఆఫర్ వచ్చాక చెప్పొచ్చు.

నిద్రరాని_సిరి
కంపెనీ లాప్‌టాప్ శుక్రవారం ఇచ్చేస్తాడు కదండీ 🙂

మియాపూర్_మహేశ్
అప్‌డేట్ 2. సోమవారం ఇవ్వలేదు, శుక్రవారం మధ్యాహ్నం దాకా ఇచ్చారు. ముసాయిదా వచ్చింది. నోటీసు 2 నెలలు కాగితంలో ఉంది. కారణం దగ్గర మొదట "పరస్పర అంగీకారంతో" అని పెట్టారు, వాడు మెయిల్ రాస్తే "ప్రాజెక్టు మూసివేత కారణంగా" అని మార్చారు. గ్రాట్యుటీ 38 వేల బేసిక్ మీదే వేశారు. తేడా గురించి వాడు ఇంకా ఏమీ తేల్చుకోలేదు, నేనూ అడగలేదు. లోన్ బీమా కాగితం దొరికింది, మూడు ఈఎంఐల క్లాజ్ ఉంది, కానీ ఉద్యోగం పోయాక మొదటి 30 రోజులు లెక్కలోకి రావట. అయినా ఉంది.

బీమా కంపెనీ నాన్నకి రక్తపరీక్షలు అడిగింది, ప్రీమియం ఎంతో ఆ రిపోర్టు చూశాక చెప్తారట. నాన్నకి చెప్పేశాడు. ఆయన కాసేపు ఏమీ అనకుండా "ఫాస్టింగ్‌లో ఇవ్వాలా, తిన్నాకా?" అని అడిగారట.

బెజవాడ_బాబాయ్
పెద్దాయన గట్టివాడు.

మాజీ_హెచ్ఆర్
బాగా నెట్టుకొచ్చారు. ఆఖరిది ఒకటి. పీఎఫ్‌లో కంపెనీ ఆఖరి తేదీ ఎక్కించిందో లేదో నెలా రెండు నెలల తర్వాత చూడమనండి. ఎక్కించకపోతే ఆఖరి జమ అయిన 2 నెలలకి సభ్యుల పోర్టల్‌లో Manage కింద Mark Exit ఉంటుంది, ఆధార్ ఓటీపీతో తనే పెట్టుకోవచ్చు. తేదీ పెట్టాక మార్చడం కష్టం, రిలీవింగ్ లెటర్‌లో ఉన్న తేదీనే వేయాలి.

మియాపూర్_మహేశ్
రాసుకున్నా. ఆ మెసేజ్ మాత్రం ఇప్పటికీ రాయలేదు. మంగళ, శుక్రవారాలు పొద్దున కేపీహెచ్‌బీ గ్రౌండ్‌లో నడకకి వస్తానని వాడితో అన్నా, వస్తే రా లేకపోతే లేదు, నేనైతే ఉంటా అని. ఇంటర్వ్యూల మాట వాడు ఎత్తితేనే.

పాతబాకీ
నువ్వు పొద్దున లేస్తావా? కథలో నమ్మశక్యం కాని మొదటి మాట ఇదే.

టెస్టర్_తులసి
మహేశ్ గారూ, రెజ్యూమే నాకు పంపండి. ఆటోమేషన్‌లో సెలీనియమా, ప్లేరైటా? ఏపీఐ టెస్టింగ్ ఎంత చేశాడు? మా దగ్గర రెండు ఖాళీలున్నాయి, ఒకటి పర్మనెంట్, దానికి నలభై మందిని చూస్తున్నారు కాబట్టి ఆశ పెట్టను. రెండోది 12 నెలల కాంట్రాక్ట్, వేరే కంపెనీ పేరోల్ మీద, జీతం ఇప్పటికంటే తక్కువే ఉండొచ్చు. రిఫర్ చేస్తే రెజ్యూమే మేనేజర్ దాకా వెళ్తుంది, అంతవరకే నా పూచీ.

మియాపూర్_మహేశ్
పంపా, మీ ఇన్‌బాక్స్ చూడండి. సెలీనియం నాలుగేళ్లు, ప్లేరైట్ ఆర్నెల్ల నుంచి. రెండింటికీ పెట్టమన్నాడు. కాంట్రాక్ట్‌లో పీఎఫ్ కట్టింగ్ ఉంటుందా అని అడుగుతున్నాడు, ఆ పదేళ్ల సర్వీసు పట్టుకుంది వాడికి.

టెస్టర్_తులసి
ఉంటుంది. పాత యూఏఎన్ నంబరే ఇవ్వమనండి, కొత్తది తీయనివ్వొద్దు. రేపు పదకొండు తర్వాత ఫోన్ చేయమనండి, ఉదయం నాకు మీటింగులు.

లెక్కల_లక్ష్మణ్
12 నెలల కాంట్రాక్టు పూర్తయితే దానికీ గ్రాట్యుటీ వస్తుంది. కొబ్బరి గారి ఏడాది మాట ఇక్కడ పనికొచ్చింది.

కోనసీమ_కొబ్బరి
చూశారా.